స్క్రీన్‌షాట్‌లోని ఉపశీర్షిక: అక్షర పరిమితి, పఠన వేగం, తెలుగు అనువాదం

దృశ్యచిత్రంలోని ఉపశీర్షికను అనువదించడం వేరు, ఆ ఉపశీర్షిక ఉన్న ఒక్క నిశ్చలచిత్రాన్ని మాత్రమే చేతిలో పెట్టుకొని అనువదించడం వేరు. మొదటి సందర్భంలో మాట వినిపిస్తుంది, ముందూ వెనకా ఏం జరిగిందో తెలుస్తుంది, పాఠం తెరపై ఎన్ని సెకన్లు నిలిచిందో కొలవవచ్చు. రెండవ సందర్భంలో ఇవేవీ ఉండవు. అయినా అనువాదం మాత్రం ఆ సెకన్లలోనే, ఆ రెండు పంక్తులలోనే ఒదగాలి.

వికారాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు అనువాదం బోధిస్తున్నప్పుడు తాండూరు నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌ను చూపి, దీన్ని తెలుగులో ఎలా రాయాలని అడిగింది. ఆంగ్ల ఉపశీర్షిక రెండు పంక్తులలో ఉంది. వాక్య నిర్మాణాన్నీ నిడివినీ అలాగే ఉంచి, మాటలు కొద్దిగా మార్చి ఇక్కడ ఇస్తున్నాను. మొదటి పంక్తి "ఇఫ్ యు హాడ్ టోల్డ్ మీ యు వర్ కమింగ్", రెండవది "ఐ వుడ్ హావ్ వెయిటెడ్ ఎట్ ద స్టేషన్". తెరపై ఒక పురుషుని ముఖం ఉంది. కాలసూచిక లేదు. ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యాన్ని గురించినదే.

చిత్రంలో లేని కాలాన్ని అంచనా కట్టడం

ఆంగ్ల లిపిలో ఆ రెండు పంక్తులూ విరామచిహ్నాలతో, ఖాళీలతో కలిపి చెరి 35 వర్ణాలు, మొత్తం 70. ఈ సంఖ్య నుంచే కాలాన్ని రాబట్టాలి. నెట్‌ఫ్లిక్స్ ఆంగ్ల ఉపశీర్షికలకు నిర్దేశించిన నియమాల ప్రకారం పంక్తికి 42 వర్ణాలు, రెండు పంక్తులు, పెద్దల కార్యక్రమాలకు సెకనుకు 20 వర్ణాలు గరిష్ఠ పరిమితి. ఒక ఉపశీర్షిక ఏడు సెకన్లకు మించి నిలవరాదు. దూరదర్శన ప్రసారాల కాలం నుంచి ఉన్న 'ఆరు సెకన్ల సూత్రం' ఇంకా ఉదారమైనది. రెండు నిండు పంక్తులు చదవడానికి ఆరు సెకన్లు ఇవ్వాలని దాని భావం. అది సుమారు సెకనుకు 12 వర్ణాల వేగం.

మన ఉపశీర్షిక 20 వర్ణాల నియమాన్ని పాటించి ఉంటే అది తెరపై కనీసం 3.5 సెకన్లు నిలిచి ఉండాలి. పై హద్దు ఏడు సెకన్లు. స్క్రీన్‌షాట్ మాత్రమే ఉన్న అనువాదకుడు కింది హద్దునే ఆధారంగా తీసుకోవాలి. అంచనా తప్పినా పాఠకుడికి కాలం మిగులుతుందే తప్ప చాలకుండా పోదు. అభిమానులు తయారుచేసిన ఉపశీర్షికలు ఏ నియమాన్నీ పాటించకపోవచ్చు కనుక వాటి విషయంలో ఈ గణన నిలవదు. ఒకే ఉపశీర్షిక ఉన్న రెండు స్క్రీన్‌షాట్లు, రెండింటిలోనూ ప్లేయర్ కాలసూచిక కనిపిస్తూ దొరికితే, వాటి మధ్య వ్యవధి అంచనాకంటే గట్టి ఆధారం.

తెలుగులో దేనిని లెక్కించాలి?

విద్యార్థిని మొదట చేసిన అనువాదం ఇది: "నువ్వు వస్తున్నావని నాకు ముందే చెప్పి ఉంటే / నేను స్టేషన్‌లో నీకోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని." తెలుగుగా దోషం లేదు. పొడవైనదని చూస్తే తెలుస్తుంది. ఎంత పొడవు అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఉపశీర్షికల సాఫ్ట్‌వేర్ సాధారణంగా లెక్కించేది మనం అక్షరమనే దానిని కాదు, యూనికోడ్ సంకేతాలను. హల్లు, పొల్లు, ఒత్తుగా మారే హల్లు, గుణింతపు గుర్తు, అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి.

```
>>> len("స్త్రీ")
6
```

చదివే కంటికి ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు సంకేతాలు. ఈ లెక్కన విద్యార్థిని మొదటి పంక్తి 42, రెండవది 46, మొత్తం 88. అక్షరాలుగా, ఖాళీలతోనూ చుక్కతోనూ కలిపి లెక్కిస్తే 20, 23, మొత్తం 43 మాత్రమే. 3.5 సెకన్లకు పంచితే యంత్రం సెకనుకు 25 అంటుంది, అక్షరగణన 12 అంటుంది. ఒకే వాక్యం ఒక కొలత ప్రకారం పరిమితిని దాటింది, మరొక కొలత ప్రకారం హాయిగా ఒదిగింది.

రోమన్ లిపి కోసం ఏర్పడిన 20 అనే సంఖ్యను అక్షరగణనకు అన్వయించడం సరికాదు. తెలుగు అక్షరం ఒక్కటే హల్లునూ అచ్చునూ, కొన్నిసార్లు మూడు హల్లులనూ మోస్తుంది. అలాగని సంకేతగణన కంటి శ్రమకు నమ్మకమైన కొలత కూడా కాదు. 'స్టేషన్‌లో' అన్న మాటలో 'న్' తరువాత, ఒత్తు ఏర్పడకుండా ఆపే ఒక అదృశ్య సంకేతం ఉంది. అది కనిపించదు, చదవబడదు, కాని లెక్కలో ఒకటిగా చేరుతుంది. కాబట్టి ఉపశీర్షికల పఠన వేగంపై పరిశోధన చేసేవారు 'సెకనుకు ఇన్ని అక్షరాలు' అని రాసినప్పుడు ఏ ప్రమాణాన్ని లెక్కించారో చెప్పకపోతే, ఆ అంకెను మరొకరి అంకెతో పోల్చే వీలు లేదు. అనువాదకుడికి మాత్రం వేరే దారి లేదు, ఫైలును ఆమోదించే యంత్రం సంకేతాలనే లెక్కిస్తుంది. ఇక్కడినుంచి నేనూ ఆ లెక్కనే అనుసరిస్తున్నాను.

పంక్తి వెడల్పు మరొక సంగతి. ఒత్తులు కిందికీ గుణింతపు గుర్తులలో చాలావరకు పైకీ పోతాయి కనుక తెలుగు పంక్తి సంకేతాల సంఖ్య సూచించినంత వెడల్పు తీసుకోదు. దానికి బదులు ఎత్తు తీసుకుంటుంది. పంక్తుల మధ్య ఎడం చాలకపోతే మొదటి పంక్తి ఒత్తులు రెండవ పంక్తి గుడులను తాకుతాయి. దీన్ని గుర్తించడానికి స్క్రీన్‌షాట్‌కు మించిన సాధనం లేదు.

కుదింపు: ఏది వదలవచ్చు?

70 సంకేతాలకు లోబడాలంటే 88 నుంచి 18 తగ్గాలి. తెలుగు క్రియ ఇక్కడ గొప్ప సహాయం చేస్తుంది. 'నేను' అవసరం లేదు, '-దాన్ని' అన్న ప్రత్యయమే కర్తను చెబుతుంది. 'నువ్వు' అవసరం లేదు, 'వస్తున్నావు'లో అది ఉంది. 'నాకు', 'నీకోసం' సందర్భంలో ఇమిడి ఉన్నాయి. 'చెప్పి ఉంటే' అన్న సంయుక్త క్రియ ఆంగ్ల వాక్యం నీడలో వచ్చినది. జరగని పని అన్న అర్థాన్ని వాక్యాంతంలోని క్రియే మోస్తుంది కనుక 'చెబితే' చాలు. 'ఎదురుచూస్తూ ఉండేదాన్ని' కూడా 'ఎదురుచూసేదాన్ని' అవుతుంది. ఫలితం:

"వస్తున్నావని ముందే చెబితే / స్టేషన్‌లో ఎదురుచూసేదాన్ని."

మొదటి పంక్తి 25, రెండవది 27, మొత్తం 52. సెకనుకు సుమారు 15. అర్థంలో ఏమీ పోలేదు. కుదింపును నష్టంగానే చూడటం మనకు అలవాటు, కాని ఈ వాక్యం కుదించిన తరువాతే తెలుగైంది.

ఇంతవరకు అంకెలు సాయపడ్డాయి. ఇక స్క్రీన్‌షాట్ అసలు లోపం బయటపడుతుంది. ఆంగ్ల వాక్యంలో మాట్లాడేది స్త్రీయో పురుషుడో తెలియదు, ఎదుటివారిని 'నువ్వు' అనాలో 'మీరు' అనాలో తెలియదు. తెరపై పురుషుని ముఖం ఉంది కదా అని తరగతిలో సగం మంది 'ఎదురుచూసేవాణ్ని' అన్నారు. కాని తెరపై కనిపించేవారే మాట్లాడుతున్నారనుకోవడానికి ఆధారం లేదు. వినేవారి ముఖాన్ని చూపడం చలనచిత్రాలలో సర్వసాధారణం. మాట దృశ్యం బయటినుంచో ఫోన్‌లోంచో వస్తే ఉపశీర్షికను వాలు అక్షరాలలో పెట్టే ఆచారం ఉన్నా, వక్త అదే సన్నివేశంలో ఉండి కేవలం చట్రంలో లేనప్పుడు ఆ సూచన ఉండదు.

హెన్రిక్ గాట్‌లీబ్ 1994లో ఉపశీర్షికీకరణను 'వికర్ణ' అనువాదమన్నాడు. ఒక భాషలోని మాట మరొక భాషలోని రాతగా మారుతుందని ఆయన భావం. స్క్రీన్‌షాట్‌తో పనిచేసేటప్పుడు ఆ వికర్ణం చెరిగిపోతుంది. మనం రాతనుంచి రాతకే వెళుతున్నాం. గొంతులో ఉన్న లింగం, చనువు, గౌరవం ఆ రాతలో మిగలవు. పైగా ఆ ఆంగ్లమే మరొక భాషా చిత్రానికి అనువాదమైతే, కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తున్నామన్నమాట.

తెలియనప్పుడు తేల్చకుండా రాయడం ఒక మార్గం. "వస్తున్నట్టు ముందే చెబితే / స్టేషన్‌లో ఎదురుచూడనా?" ఇందులో 'వస్తున్నట్టు' నువ్వుకూ మీరుకూ సరిపోతుంది, 'ఎదురుచూడనా' స్త్రీపురుషులిద్దరికీ చెల్లుతుంది. మొత్తం 47 సంకేతాలు. అయితే ప్రశ్నార్థకం వల్ల నిష్ఠూరం కొంచెం పెరిగింది. మూలంలో ఆ పాలు ఎంత ఉందో గొంతు వినకుండా చెప్పలేం.

మరొక మార్గం విద్యార్థిని నోటినుంచే వచ్చింది. "మా తాండూరు దిక్కు ఇట్ల అనం సార్," అని చెప్పి ఆమె బోర్డు మీద రాసింది: "వస్తున్నవని ముందుగాల చెప్తే / టేషన్ల ఎదురుచూస్తుంటి." మొత్తం 49. 'చూస్తుంటి' అన్న తెలంగాణ రూపంలో లింగభేదం లేదు, ఆడవారూ మగవారూ అదే అంటారు. ప్రామాణిక భాష అడిగే సమాచారాన్ని ఈ రూపం అడగదు. సరిహద్దుకు అవతల కన్నడంలోనూ 'కాయుత్తిద్దె' అనే ఉత్తమపురుష రూపానికి లింగభేదం లేదు. రెండు భాషలూ వినిపించే తాండూరులో ఇది ఎవరికీ వింతగా తోచదు. 'వస్తున్నవని' మాత్రం 'నువ్వు'ను నిర్ధారించేస్తుంది, దానికి 'వస్తున్నట్టు' వేసుకోవచ్చు. ఉచ్చారణను అనుసరించి 'సూస్తుంటి' అని రాయాలా అన్న చర్చ తరగతిలో గంట నడిచింది. సంకేతాల సంఖ్య మారదు కాని, ఆ రూపాన్ని చూసి అలవాటు లేని కన్ను ఒక క్షణం ఆగుతుంది, ఆ క్షణం ఏ గణనలోనూ చేరదు. వికారాబాద్ ప్రాంతపు పాత్రకైతే నేను 'చూస్తుంటి' దగ్గర ఆగుతాను. పరదేశపు పాత్రకు ఈ మాండలికం పెట్టడం నాకు సమ్మతం కాదు, అక్కడ ప్రామాణిక రూపమే మేలు.

వారం తరువాత ఆ విద్యార్థిని దృశ్యాన్ని వెతికి తెచ్చింది. మాట్లాడుతున్నది అక్క, తెరపై ఉన్నది వింటున్న తమ్ముడు. ఉపశీర్షిక 4.2 సెకన్లు నిలిచింది. మేము అనుకున్న 3.5 కంటే కొంత ఎక్కువే. అయినా ఆమె మొదటి అనువాదం సెకనుకు దాదాపు 21 సంకేతాలతో పరిమితిని దాటుతూనే ఉంది. లింగమూ చనువూ తేలిపోయాయి కనుక తటస్థ రూపాల అవసరం తీరింది. ఫైలులో చేరిన పాఠం ఇది:

```
214
00:14:31,200 --> 00:14:35,400
వస్తున్నావని ముందే చెబితే
స్టేషన్‌లో ఎదురుచూసేదాన్ని.
```

సెకనుకు సుమారు 12 సంకేతాలు. ఇంకా చోటుంది కదా, 'నీకోసం' తిరిగి చేర్చవచ్చా అని ఆమె అడిగింది. చేరిస్తే ఖాళీతో కలిపి 59 అవుతుంది, సెకనుకు 14. యంత్రం అభ్యంతరం చెప్పదు. దృశ్యంలో ఆ అక్క గొంతు విన్న తరువాత, వద్దని ఆమే నిర్ణయించింది.