కొత్త కంప్యూటర్‌లోకి రాని ఫైళ్లు

ఆఫీసు రికార్డులను పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు వెనకబడే ఫైళ్లు ఎక్కువగా రెండు రకాలు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏదో మూల దాచుకున్నవి ఒక రకం. ఇప్పటి గుమాస్తా కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు తమకు అలవాటైన చోట పెట్టుకున్నవి రెండో రకం. మార్చే మనిషికి తాను రోజూ తెరిచే ఫోల్డర్లే తెలుసు కాబట్టి వాటినే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. కొత్త యంత్రం మీద ఆ ఫోల్డర్లన్నీ కనిపించగానే పని పూర్తయిందనిపిస్తుంది. లోటు బయటపడటానికి వారం పట్టవచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు.

ఈ పని ఇప్పుడు పల్లెల దాకా వచ్చింది. దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. ఊళ్లో అందరూ ‘సొసైటీ’ అనే ఈ సంఘాల్లో చాలావాటికి అంతకుముందే ఒక పాత కంప్యూటర్, అందులో ఏళ్ల తరబడి పేరుకున్న ఎక్సెల్ షీట్లు, వర్డ్ ఫైళ్లు, స్కాన్లు ఉన్నాయి. పొరపాటు ఎలా జరుగుతుందో, ఎలా బయటపడుతుందో తెలియాలంటే అలాంటి ఒక సొసైటీని ఊహించుకుని చూడటం మేలు.

ఆ సొసైటీలో విండోస్ 7 నడుస్తున్న కంప్యూటర్ ఉంది. డి డ్రైవ్‌లో ఏడాదికొక ఫోల్డర్ చొప్పున డీసీబీ షీట్లు, అంటే ఏ రైతు ఎంత కట్టాలి, ఎంత కట్టాడు, ఎంత బాకీ ఉన్నాడు అనే లెక్కలు ఉన్నాయి. కొత్త కంప్యూటర్ రాగానే గుమాస్తా డి డ్రైవ్‌లోని ఆ ఫోల్డర్లను, తన డెస్క్‌టాప్‌ను, తన డాక్యుమెంట్స్‌ను కాపీ చేసుకుంది. డీసీబీ షీటు తెరిచి చూస్తే అంకెలన్నీ ఉన్నాయి, మొత్తాలు పాత ప్రింట్లతో సరిపోయాయి. పాత యంత్రాన్ని బీరువా పక్కన పెట్టేశారు.

రెండు నెలల తర్వాత గడువు మీరిన బాకీల మీద వడ్డీ రేటును పాలకవర్గం మార్చింది. కొత్త రేటు వేయడానికి ఆమె షీటు తెరిస్తే ఆ గడిలో రేటుకు బదులు ఒక ఫార్ములా ఉంది.

```
='C:\Users\Office1\Desktop\[Rates.xls]Sheet1'!B4
```

ఈ ఒక్క వరుసలో సంగతంతా ఉంది. రేట్లు డీసీబీ షీటులో లేవు, `Rates.xls` అనే వేరే ఫైలులో ఉన్నాయి. ఆ ఫైలు సి డ్రైవ్‌లో `Office1` అనే మరో యూజర్ డెస్క్‌టాప్ మీద ఉంది. ఎక్సెల్ ఒక షీటు నుంచి ఇంకో ఫైలులోని అంకెను తెచ్చుకున్నప్పుడు, చివరిసారి సేవ్ చేసినప్పటి విలువను షీటులోనే దాచి ఉంచుతుంది. అసలు ఫైలు లేకపోయినా ఆ పాత విలువ అలాగే కనిపిస్తుంది. అందుకే కాపీ చేసిన రోజు మొత్తాలు సరిపోయాయి. లింకులను అప్‌డేట్ చేయాలా అని ఎక్సెల్ అడిగే హెచ్చరిక ఒక్కటే సూచన. రోజూ వచ్చే హెచ్చరికను ఎవరూ చదవరు కాబట్టి అది కూడా దాటిపోయింది. కాపీ చేసిన ప్రతి షీటులో `Data` మెనూ కింద `Edit Links` తెరిస్తే, ఆ షీటు ఏయే ఫైళ్ల మీద ఆధారపడిందో పూర్తి చిరునామాతో వరుసగా వస్తుంది. చిరునామాలో కనిపించి కొత్త యంత్రంలో లేని ప్రతి ఫైలూ వెనకబడినదే.

రిటైరైన పాత గుమాస్తాకు ఆమె ఫోన్ చేసింది.

“సార్, వడ్డీ రేట్ల ఫైలు మీరెక్కడ పెట్టేవాళ్లు?”

“నా డెస్క్‌టాప్ మీదే ఉండేదమ్మా. నా పాస్‌వర్డ్‌తో తెరిస్తే కనిపిస్తుంది.”

విండోస్‌లో ప్రతి యూజర్‌కూ `C:\Users` కింద ఒక ఫోల్డర్ ఉంటుంది. ఎవరి డెస్క్‌టాప్, ఎవరి డాక్యుమెంట్స్ వారి ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఒకరి ఖాతాతో లాగిన్ అయినవారికి మరొకరి డెస్క్‌టాప్ తెర మీద కనిపించదు. పాత గుమాస్తా వెళ్లిపోయాక కొత్త ఖాతా తెరిచి, పాతదాన్ని అలాగే వదిలేయడం ఆఫీసుల్లో మామూలే. ఆ ఫోల్డర్‌ను తెరవబోతే అనుమతి లేదని యంత్రం చెబుతుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో వెళ్లి `Continue` నొక్కితే తెరుచుకుంటుంది. ఆ సొసైటీలో అలా తెరిస్తే రేట్ల ఫైలుతో పాటు పాత సభ్యుల జాబితాలు, వాటాధనం లెక్కలు, మహాజన సభ తీర్మానాల స్కాన్లు కూడా బయటపడ్డాయి. అవి ఉన్నట్టే ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లెవరికీ తెలియదు.

జాబితాలు దొరికాక ఇంకో చిక్కు వచ్చింది. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే పేర్ల స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. ఫైలు చెడిపోయిందని చాలామంది ఇక్కడే దాన్ని తీసేస్తారు. నిజానికి అందులో ఒక్క అక్షరం కూడా పోలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి డీటీపీ పని, ఆఫీసుల్లో తెలుగు టైపు ఎక్కువగా అను ఫాంట్లతోనే నడిచాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీదే తెలుగు ఆకారాలను గీశారు. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగుకు 0C00 నుంచి 0C7F వరకు సొంత స్థానాలున్నాయి, ‘త’ ఏ యంత్రంలోనైనా 0C24గానే ఉంటుంది. పాత ఫైలుకు దాని ఫాంట్ తోడుగా రాకపోతే లోపలి ఇంగ్లిష్ సంఖ్యలే తెర మీదికి వస్తాయి.

ఫాంట్ వేశాక అక్షరాలు సరిగ్గా కనిపించినా ఒక లోటు మిగులుతుంది. వెతికే పెట్టెలో యూనికోడ్‌లో ‘రామయ్య’ అని కొడితే కళ్లెదుట ఉన్న రామయ్య పేరు కూడా దొరకదు, ఎందుకంటే ఫైలు లోపల ఉన్న సంఖ్యలు వేరు. రైతు పేరు జాబితాలో లేదని తప్పుగా చెప్పడానికి ఇది చాలు. అందుకే పాత యంత్రం నడుస్తుండగానే ఇలాంటి ఫైళ్లను అక్కడే తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేయడం మంచిది. వర్డ్ 2010లో ఆ వీలు నేరుగా ఉంది. పీడీఎఫ్‌లోనూ వెతకడం కుదరదు గాని, చదవడానికి ఫాంట్ అవసరం ఉండదు. కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మారిస్తే వెతకవచ్చు. ఆ మార్పులో ఒత్తులు, సంయుక్తాక్షరాలు తారుమారవుతుంటాయి కాబట్టి పేర్లను ఒక్కొక్కటిగా పీడీఎఫ్‌తో పోల్చి చూసుకోవాలి. అసలు ఫైలును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకూడదు.

ఈ తిప్పలన్నీ తప్పాలంటే గుర్తున్న ఫోల్డర్లతో మొదలుపెట్టకుండా డిస్కుతో మొదలుపెట్టాలి. ముందుగా `C:\Users` మొత్తం, డి డ్రైవ్ మొత్తం ఒక బయటి హార్డ్‌డిస్కులోకి తీసుకుని, కావలసినవాటిని తర్వాత ఎంచుకోవాలి. ఆ డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ కంటే పెద్ద ఫైలు పట్టదు, ఏళ్లనాటి ఔట్‌లుక్ మెయిల్ ఫైలు ఆ పరిమితిని తేలిగ్గా దాటుతుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ తన డేటాను ఈ రెండు చోట్ల కాకుండా సి డ్రైవ్‌లో నేరుగా పెట్టుకుని ఉండవచ్చు. దాని సెట్టింగుల్లో డేటా చిరునామా చూసి ఆ ఫోల్డర్‌నూ కలుపుకోవాలి. కాపీకి మౌస్‌తో లాగడం కంటే విండోస్‌లోనే ఉన్న `robocopy` నయం. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ విండోలో ఇలా ఇవ్వాలి.

```
robocopy C:\Users E:\PATA\Users /E /B /XJ /R:1 /W:1 /DCOPY:T /UNILOG:E:\users.txt
robocopy D:\ E:\PATA\D /E /B /XJ /R:1 /W:1 /DCOPY:T /UNILOG:E:\d.txt
```

`/E` ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నింటినీ తీసుకుంటుంది. `/B` ఇతర యూజర్ల ఫోల్డర్లను కూడా చదవనిస్తుంది. `/XJ` లేకపోతే `Users` లోపల ఒకదానికొకటి దారి చూపే డొంకతిరుగుడు ఫోల్డర్లలో పడి కాపీ ఎంతకీ ముగియదు. ఫైలు చివరిసారి మార్చిన తేదీ మామూలుగానే వెంట వస్తుంది, ఫోల్డర్ తేదీలు కూడా నిలవాలంటే `/DCOPY:T` కావాలి. `/UNILOG` వల్ల తెలుగు పేర్లున్న ఫైళ్లు చిట్టాలో సరిగ్గా నమోదవుతాయి. రెండో కమాండ్ అయ్యాక `E:\PATA`లో `D` ఫోల్డర్ కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు. డ్రైవ్ మొత్తాన్ని కాపీ చేసినప్పుడు ఆ ఫోల్డర్‌కు దాగి ఉండే లక్షణం అంటుకుంటుంది, దాన్ని `attrib -h -s E:\PATA\D` తీసేస్తుంది.

చిట్టా చివర ఒక చిన్న పట్టిక ఉంటుంది. అందులో `FAILED` కింద సున్నా ఉంటే ఫైళ్లన్నీ వచ్చినట్టే. ఏదైనా అంకె ఉంటే చిట్టాలో `ERROR` అని వెతికి, ఏ ఫైలు ఎందుకు రాలేదో చూడాలి. ఎవరో తెరిచి ఉంచిన ఫైలు కావచ్చు, డిస్కులో చదవడానికి రాని చోటు కావచ్చు. రెండోదైతే ఆ హార్డ్‌డిస్కు చివరి రోజుల్లో ఉన్నట్టు లెక్క, మిగతా పనులు ఆపి దాని కాపీయే ముందు పూర్తి చేయాలి.

లెక్క సరిపోయినంత మాత్రాన ఫైలు పనికొస్తుందని కాదు. పరీక్షించే తీరు రకాన్ని బట్టి ఉంటుంది: ఎక్సెల్ షీటులో లింకులు, వర్డ్ ఫైలులో ఫాంట్లు, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కిందటేడాది ముగింపు నిల్వ చూడాలి. డెస్క్‌టాప్ మీద మూలన చిన్న బాణం గుర్తుతో, ఒకటి రెండు కేబీల పరిమాణంలో ఉన్నది అసలు ఫైలు కాదు, షార్ట్‌కట్ మాత్రమే. దాని ప్రాపర్టీస్‌లో `Target` చూస్తే అసలుది ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంత చేసినా పాత యంత్రాన్ని కనీసం ఒక ఆర్థిక సంవత్సరం, ఆడిట్ ముగిసేదాకా, చెక్కుచెదరకుండా ఉంచాలి. కొన్ని ఫైళ్ల అవసరం ఏడాదికొక్కసారే వస్తుంది, కొన్నింటిది ఇంకా ఆలస్యంగా. తెలంగాణలో 2024 నాటి రుణమాఫీ 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 వరకు ఉన్న పంట రుణాలకు వర్తించింది. ఆరేళ్ల కిందటి రుణం తేదీ మీద ఒక కుటుంబం అర్హత ఆధారపడినప్పుడు, ఆ తేదీ ఉన్న జాబితా ఎవరి డెస్క్‌టాప్ మీద ఉండిపోయిందన్నది చిన్న విషయం కాదు. చట్టం కూడా దీన్ని పట్టించుకుంది. 2000 నాటి ఐటీ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచిన రికార్డు తర్వాత కూడా తెరిచి చూసేందుకు వీలుగా ఉండాలి. అది ఎక్కడి నుంచి, ఏ తేదీన వచ్చిందో తెలిపే వివరాలు కూడా దానితో ఉండాలి. తేదీలను నిలిపే కాపీ, అసలు ఫైలును తీసేయకపోవడం ఇక్కడ అక్కరకొస్తాయి.

గడువు తీరాక పాత యంత్రాన్ని వేలం వేసే ముందు హార్డ్‌డిస్కును ఊడదీసి సొసైటీలోనే ఉంచుకోవాలి, లేదా పూర్తిగా తుడిచేయాలి. ఫైళ్లను డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా రైతుల ఆధార్ స్కాన్లు, ఖాతా నంబర్లు డిస్కులోనే ఉంటాయి, మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వాటిని వెనక్కు తీయవచ్చు. మామూలు హార్డ్‌డిస్కును క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే, విండోస్ విస్టా నుంచి ఇటువైపు వచ్చిన వెర్షన్లన్నింటిలో ప్రతి భాగం మీదా సున్నాలు రాయబడతాయి. పెద్ద డిస్కుకు దీనికి గంటలు పడుతుంది, కాబట్టి వేలం తేదీకి ఒకరోజు ముందే మొదలుపెట్టాలి.