పిల్లర్ గదిలోకి ఎందుకు పొడుచుకొస్తుంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోని పాత రాతి ఇళ్లలో పిల్లర్ల గొడవ లేదు. మందపాటి రాతి గోడలే కప్పు బరువు మోసేవి. ఇప్పటి ఇళ్లలో ఆ బరువు పిల్లర్లది. గోడ గదులను వేరు చేస్తే చాలు కాబట్టి పలచబడింది. చిక్కంతా అక్కడే.

100 గజాల స్థలం అనుకుందాం: 20 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. పిల్లర్ ఒకవైపు 9 అంగుళాలు, మరోవైపు 12 అంగుళాలు. బయటి గోడ మందం 9 అంగుళాలు. పిల్లర్ 12 అంగుళాల వైపును గోడ వెంబడి పెడితే అది గోడలోనే ఇమిడిపోతుంది. అడ్డం తిప్పితే 3 అంగుళాలు బయటికొస్తుంది.

హాలుకూ పడకగదికీ మధ్య గోడ నాలుగున్నర అంగుళాలే. అక్కడ ఎలా తిప్పినా కనీసం నాలుగున్నర అంగుళాలు పొడుచుకురాక తప్పదు. మరి ఎటు నెట్టాలి? హాలు వైపు గోడను సాపుగా ఉంచి, పడకగదిలో బీరువా వచ్చే మూలకు నెట్టాలి. లోతైన బీరువా పక్కన ఆ మూల కనిపించదు. తలుపు వెనక్కి నెడితే మాత్రం తలుపు పూర్తిగా తెరుచుకోదు.

అలాగని ఇష్టమొచ్చినట్టు జరపకూడదు. పిల్లర్లు ఒకే వరుసలో ఉంటేనే పైన బీములు తిన్నగా వెళ్తాయి. జరిపే ముందు ఇంజినీరు లెక్క చూడాలి.

గుంతలు తవ్వకముందే గోడలు, తలుపులు, మంచం, బీరువా ముగ్గుతో నేల మీద గీయించండి. కాంక్రీటు పోశాక పిల్లర్‌ను చెక్కకూడదు. ఇనుము బయటపడి బలం పోతుంది.