మడత వీడిన ప్రోటీన్

కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రోటీన్లలో ట్రాన్స్‌థైరెటిన్ ఒకటి. థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్‌లో కొంత భాగాన్ని, మరో ప్రోటీన్ తోడుతో విటమిన్ ఎ ని మోసుకెళ్లడం దాని పని. ప్రోటీన్ నిర్మాణంలోని నాలుగు అంచెలు, ఆ నిర్మాణం చెదిరితే వచ్చే జబ్బు, రెండూ ఈ ఒక్క అణువులోనే కనిపిస్తాయి.

మొదటి అంచె ప్రాథమిక నిర్మాణం. 127 అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో ఒకదాని వెనుక ఒకటి చేరిన గొలుసు ఇది. ఏ స్థానంలో ఏ అమైనో ఆమ్లం ఉండాలో జన్యువు నిర్ణయిస్తుంది. 30వ స్థానంలో ఉండేది వాలీన్. కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

గొలుసు వెన్నెముకలోని NH సమూహాలు, అదే వెన్నెముకలోని CO సమూహాలతో హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటే ఏర్పడేది ద్వితీయ నిర్మాణం. విద్యార్థులు తరచూ ఇక్కడే పొరబడి ఈ బంధాలను పక్కగొలుసులకు అంటగడతారు. వెన్నెముక మెట్లదారిలా చుట్టుకుంటే ఆల్ఫా హెలిక్స్. ఇందులో ఒక్కో చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు పడతాయి. గొలుసు ముక్కలు సాగి పక్కపక్కనే పరుచుకుంటే బీటా షీట్. వెన్నెముక ఏయే కోణాల్లో వంగగలదో, ఎక్కడ పరమాణువులు ఒకదానికొకటి అడ్డుపడతాయో 1963లో మద్రాసు నుంచి జి.ఎన్. రామచంద్రన్ బృందం లెక్కగట్టి చూపింది. రామచంద్రన్ పటం అనేది దాన్నే. ట్రాన్స్‌థైరెటిన్‌లో హెలిక్స్ చిన్న ముక్క ఒక్కటే. మిగతా నిర్మాణానికి ఆధారం ఎనిమిది బీటా పోగులు.

ఆ ఎనిమిది పోగులు నాలుగేసి చొప్పున రెండు షీట్లుగా ఏర్పడి, రెండు రొట్టెలను ఎదురెదురుగా పెట్టినట్టు అమరుతాయి. నీటికి పొసగని పక్కగొలుసులు మధ్యలో దాక్కుంటాయి, నీటితో కలిసేవి బయటికి తిరుగుతాయి. ఇది తృతీయ నిర్మాణం. ఇలాంటి నాలుగు గొలుసులు కలిస్తే చతుర్థ నిర్మాణం, అంటే పనిచేసే ట్రాన్స్‌థైరెటిన్. ముందు రెండేసి గొలుసులు అంచు అంచు కలిపి జంటలవుతాయి. తర్వాత రెండు జంటలు వీపులు ఆనించుకున్నట్టు చేరతాయి. జంటకూ జంటకూ నడుమ గట్టి సమయోజనీయ బంధమేదీ లేదు. అక్కడ మిగిలే సందులోనే థైరాక్సిన్ కూర్చునే రెండు గూళ్లు ఉన్నాయి.

ఇన్ని మడతలు ఎలా పడాలో గొలుసుకు ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని బెథెస్డాలో క్రిస్టియన్ అన్‌ఫిన్సెన్ చేసిన ప్రయోగాలలో దొరికింది. ఆయన తీసుకున్నది రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్. అందులో 124 అమైనో ఆమ్లాలు, ఎనిమిది సిస్టీన్లను జంటలుగా కలిపే నాలుగు డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. గాఢమైన యూరియా ద్రావణంలో దాని మడత విప్పి, మెర్కాప్టోఇథనాల్‌తో ఆ నాలుగు బంధాలను తెంపారు. ఎంజైమ్ పని ఆగిపోయింది. తర్వాత ఆ రెండు రసాయనాలనూ తొలగించి గాలి తగలనిస్తే గొలుసు తనంతట తానే మడతపడి, పనితనం దాదాపు పూర్తిగా తిరిగొచ్చింది. అదే బంధాలను యూరియా ఉండగానే కట్టుకోనిస్తే పనితనం ఒక్క శాతం దగ్గరే ఆగింది. ఎనిమిది సిస్టీన్లు జతకట్టే దారులు 105, వాటిలో సరైనది ఒక్కటే మరి. మడతకు కావలసిన సమాచారమంతా ప్రాథమిక నిర్మాణంలోనే ఉందని దీంతో తేలింది. అన్‌ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి దక్కింది.

అయితే ఆ పరీక్షనాళికలో ఉన్నది పలుచని ద్రావణం. గుడ్డు ఉడికితే తెల్లసొన గడ్డకడుతుంది, చల్లార్చినా మళ్లీ సొన కాదు. విప్పుకున్న గొలుసులు దగ్గరదగ్గరగా ఉంటే, లోపల దాగాల్సిన భాగాలు పక్క గొలుసు భాగాలకు అతుక్కుపోతాయి. జీవకణం లోపల కూడా అంతే కిక్కిరిసి ఉంటుంది. షాపరోన్లు అనే సహాయక ప్రోటీన్ల అవసరం అక్కడే వస్తుంది. వేడి తగిలినప్పుడు కణంలో ఇవి పెరగడం చూసి చాలావాటికి Hsp అన్న పేరు పెట్టారు. Hsp70 గొలుసులో బయటపడి ఉన్న జలవిరోధి ముక్కను పట్టుకుని, ATP ఖర్చుచేసి వదులుతుంది, అవసరమైతే మళ్లీ పట్టుకుంటుంది. బ్యాక్టీరియాలోని GroEL పద్ధతి వేరు. ఏడేసి ఉపభాగాల రెండు వలయాలతో చేసిన పీపా అది. గొలుసును లోపలికి తీసుకుని, GroES మూత వేసి, కొన్ని సెకన్లపాటు ఒంటరిగా మడతపడనిస్తుంది. తోడుపెళ్లికూతురు పక్కన కూర్చుంటుందే గాని తాళి కట్టించుకోదు. షాపరోన్ కూడా ఆకారం ఇలా ఉండాలని చెప్పదు, అతుకులు పడకుండా కాపు కాస్తుందంతే. ఎంతకూ సరిగా మడతపడని గొలుసుకు కణం యుబిక్విటిన్ గుర్తు తగిలించి ప్రోటియాసోమ్‌లో ముక్కలు చేయిస్తుంది.

ఇంత కాపలా ఉన్నా జబ్బు వస్తుంది. పోర్చుగల్ ఉత్తర తీరంలో మత్స్యకార కుటుంబాలను పీడిస్తున్న ఒక నరాల వ్యాధిని 1952లో కొరీను ద ఆంద్రాద్ వర్ణించాడు. పాదాల తిమ్మిరితో మొదలై, వేడి, నొప్పి తెలియకుండా పోయి, జీర్ణకోశానికి, గుండెకు పాకుతుంది. చికిత్స లేకపోతే ఇంచుమించు 10 ఏళ్లలో ప్రాణం తీస్తుంది. కారణం 30వ స్థానంలో వాలీన్‌కు బదులు మిథియొనిన్ రావడం. ఈ పెద్ద పక్కగొలుసు రెండు షీట్ల మధ్య ఇరుక్కుని వాటిని కాస్త ఎడం చేస్తుంది. ఆ తేడా ఎంత చిన్నదంటే కాలేయకణంలోని తనిఖీ దాన్ని పట్టుకోలేదు, నాలుగు గొలుసుల అణువు మామూలుగానే రక్తంలోకి వెళ్లిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ముందు నాలుగు గొలుసులు విడిపోతాయి, ఒంటరి గొలుసు మడత కొంత వదులవుతుంది, వదులైన గొలుసులు ఒకదానిపై ఒకటి పేరుకుని కరగని బీటా పోగులవుతాయి. వీటిని అమిలాయిడ్ అంటారు. కణజాలపు ముక్కకు కాంగో రెడ్ రంగు పట్టించి ధ్రువణ కాంతిలో సూక్ష్మదర్శినితో చూస్తే అవి పచ్చి యాపిల్ రంగులో మెరుస్తాయి.

ప్రోటీన్ మడత జబ్బులన్నిటికీ జన్యు ఉత్పరివర్తనే కారణమని రాస్తే అది తప్పు. ఏ మార్పూ లేని ట్రాన్స్‌థైరెటిన్ కూడా వృద్ధుల్లో, ముఖ్యంగా మగవారిలో, గుండె కండరంలో పేరుకుని దాన్ని బిరుసు చేస్తుంది. మరోవైపు కొన్ని పోర్చుగీసు కుటుంబాల్లో ఈ 30వ స్థానపు దోషం ఉన్నా జబ్బు తేలికగా ఉండడమో, అసలు రాకపోవడమో కనిపించింది. వారికి రెండో జన్యు ప్రతిలో 119వ స్థానంలో త్రియొనిన్‌కు బదులు మిథియొనిన్ ఉంది. దాని నుంచి వచ్చే గొలుసులు దోషమున్న వాటితో కలిసినప్పుడు నాలుగు గొలుసుల కూటమి చాలా నెమ్మదిగా విడిపోతుంది.

టఫామిడిస్ అనే మందు చేసేదీ అదే. థైరాక్సిన్ గూళ్లు రక్తంలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఈ మందు వాటిలో కూర్చుని రెండు జంటలనూ కలిపి పట్టుకుంటుంది. గుండె జబ్బున్న 441 మందిపై 30 నెలలపాటు జరిగి 2018లో వెలువడిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 42.9 శాతం మరణించగా మందు తీసుకున్నవారిలో 29.5 శాతం మరణించారు. అప్పటికే పేరుకున్న పోగులను మాత్రం ఇది కరిగించదు. రెండు మణికట్లలోనూ నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కడం ఈ గుండె జబ్బుకు కొన్నేళ్ల ముందే కనిపించవచ్చు కాబట్టి, వైద్యులు ఆ ఆనవాలు దగ్గరే దీన్ని అనుమానించాలని చూస్తున్నారు.