కట్టడానికి ఒక రేటు, కాపాడటానికి ఒక రేటు

బ్లౌజులు కుట్టే షాపుకి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ఒకటే మాట: "అక్కా, నా బ్లౌజులు అయ్యాయా?" మిషను ఆపి, నోటు పుస్తకం తిరగేసి, జవాబు చెప్పాలి. బ్లౌజు సిద్ధం కాగానే మెసేజ్ దానంతట అదే వెళ్లిపోతే ఆ ఫోన్లు చాలావరకు తగ్గుతాయి. అందుకు కోడింగ్ రానక్కర్లేదు.

షాపులో అమ్మాయి తన ఫోన్లోనే గూగుల్ ఫారంలో పేరు, ఫోన్ నంబరు, ఎన్ని బ్లౌజులు, ఎప్పటికి ఇవ్వాలి అన్నవి నింపుతుంది. అవి గూగుల్ షీట్‌లో ఒక వరుసగా చేరతాయి. ఆ వరుస చివర 'స్థితి' అనే గడి పెట్టుకుని, కుట్టడం అయ్యాక అందులో 'రెడీ' అని ఎంచుకుంటారు. జాపియర్, మేక్, పాబ్లీ లాంటి సర్వీసు ఆ మార్పును గమనించి వాట్సాప్ మెసేజ్ పంపిస్తుంది.

చిక్కంతా ఈ చివరి మెట్టు దగ్గరే ఉంది. 'వరుస మారితే మెసేజ్ పంపు' అని మాత్రమే పెడితే, తర్వాత ఎవరైనా అదే వరుసలో బాకీ సొమ్ము సరిదిద్దినా కస్టమర్‌కి రెండోసారి మెసేజ్ పోతుంది. అందుకే 'పంపాం' అని ఇంకో గడి కావాలి. స్థితి 'రెడీ' అయి ఉండి, ఈ గడి ఖాళీగా ఉంటేనే మెసేజ్ వెళ్లాలి. వెళ్లిన వెంటనే అందులో తేదీ పడాలి. పని ఆగిపోతే పట్టించేది కూడా ఈ గడే. 'రెడీ' అని ఉన్నా పక్కన తేదీ లేదంటే మెసేజ్ పోలేదన్నమాట. రాత్రి షట్టర్ దించే ముందు ఆ రెండు గడులూ ఓసారి చూస్తే చాలు.

వాట్సాప్ మెసేజ్ ఇలా దానంతట అదే వెళ్లాలంటే మామూలు యాప్ చాలదు, వ్యాపారాలకు మెటా ఇచ్చే ప్లాట్‌ఫాం కావాలి. అక్కడ మెసేజ్ నమూనాకు ముందే అనుమతి తీసుకోవాలి, పంపే మెసేజ్‌లకు డబ్బు కట్టాలి. 'మీ బ్లౌజులు రెడీ' అన్న సమాచారానికి రేటు తక్కువ. దాని కిందే 'దసరా ఆఫర్' అని ఒక్క వాక్యం చేరిస్తే అది ప్రకటన అవుతుంది, రేటు పెరుగుతుంది.

రోజుకి ఐదారు మెసేజ్‌లే పంపే షాపుకి ఇదంతా అనవసరమని నా అభిప్రాయం. షీట్‌లో బి గడిలో పేరు, సి గడిలో పది అంకెల ఫోన్ నంబరు ఉంటే ఈ సూత్రం చాలు:

```
=HYPERLINK("https://wa.me/91"&C2&"?text="&ENCODEURL(B2&" గారూ, మీ బ్లౌజులు రెడీ"),"పంపు")
```

'పంపు' మీద నొక్కితే మామూలు వాట్సాప్‌లోనే మెసేజ్ రాసి ఉంటుంది, పంపే బటన్ మీరే నొక్కాలి. పైసా ఖర్చు లేదు. ఫారం నుంచి కొత్త వరుస వచ్చినప్పుడల్లా సూత్రాన్ని కిందికి లాగడం ఒక్కటే పని.

ఇక దీన్ని అమర్చిపెట్టే కుర్రాడికి ఎంత ఇవ్వాలి? చాలామంది 'మొత్తం ఇంత' అని ఒక్క అంకె మాట్లాడుకుంటారు. గొడవ అక్కడే మొదలవుతుంది. అమర్చిన రోజు అన్నీ నడుస్తాయి. కొన్నాళ్లకి షాపు యజమాని గూగుల్ ఖాతాలో ఆ సర్వీసుకి ఇచ్చిన అనుమతిని తీసేస్తారు, షీట్‌తో లింకు తెగుతుంది. లేదా ఎవరో 'ఫోన్' అన్న గడి పేరు 'మొబైల్' అని మారుస్తారు, నంబరు అందక మెసేజ్ ఆగిపోతుంది. లేదా సర్వీసు నెలవారీ పరిమితి పండగ సీజన్‌లో ముందే అయిపోతుంది. అమర్చినవాడి తప్పు ఇందులో ఏదీ లేదు, అయినా ఫోన్ అతనికే వెళ్తుంది.

వాటర్ ఫిల్టర్ కొన్న ధర వేరు, దాని ఏఎంసీ వేరు అని మనకు తెలుసు. ఇక్కడా అంతే. ఉదాహరణకి గంటకి 500 రూపాయల లెక్కన పది గంటల పని అయితే అమర్చడానికి 5,000. అందులోనే మొదటి రెండు వారాల దిద్దుబాట్లు కలిసి ఉండాలి. ఆ తర్వాత నెలకి 500 రూపాయలు: ఆగిపోతే మర్నాటిలోగా సరిచేయడం, నెలకో గంట చిన్న మార్పులు. కొత్తగా బాకీ గుర్తుచేసే మెసేజ్ కావాలంటే అది కొత్త పని, దాని రేటు వేరు. సర్వీసు చందా, మెసేజ్ ఖర్చు ఇందులో కలపకూడదు. అవి షాపు పేరున ఉన్న ఖాతా నుంచే కట్టాలి. నెలకి ఆపే వెసులుబాటు ఇద్దరికీ ఉండాలి.

ఖాతాలన్నీ షాపు జీమెయిల్‌తోనే తెరిపించండి, అమర్చే మనిషికి అనుమతి మాత్రం ఇవ్వండి. 'ఒకసారి కడితే జీవితాంతం సర్వీసు ఫ్రీ' అన్నవాళ్లకి పని అప్పగించకండి. డబ్బు రాని పనికి పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరూ పరిగెత్తుకు రారు.