ఉష్ణ బదిలీ లెక్కలో ఆఖరి అంకెను ఎంత నమ్మాలి?

మెకానికల్, కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లలో చాలామంది చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక గొట్టానికి కరెంటు హీటర్ చుట్టి, దానిపైన మందంగా ఇన్సులేషన్ కప్పి, గొట్టం లోపలి నుంచి బ్లోయర్‌తో గాలి పంపుతారు. వేడెక్కిన గోడ నుంచి గాలిలోకి వేడి ఎంత చురుగ్గా వెళ్తోందో కనుక్కోవాలి. ఆ చురుకుకు పేరు ఉష్ణ బదిలీ గుణకం. గోడకూ గాలికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ఒక చదరపు మీటరు గోడ నుంచి ఎన్ని వాట్ల వేడి గాలిలోకి పోతుందో అది చెబుతుంది. విద్యార్థి రికార్డులో జవాబు 31.1902 అని ఉంటుంది. కాలిక్యులేటర్ చూపించింది, చేయి రాసింది. కొలతలు ఏమాత్రం చెప్పగలవో విచారిస్తే, అందులో దశాంశ బిందువు తర్వాతి అంకెలకే కాదు, ముందున్న ‘1’కి కూడా ఆధారం లేదని తేలవచ్చు.

ఈ గుణకాన్ని నేరుగా చూపించే మీటరు ఏదీ లేదు. ఇతర కొలతల నుంచి లెక్కగట్టాల్సిందే.

h = Q / (A × ΔT)

Q అంటే గాలిలోకి వెళ్లిన వేడి, A అంటే గొట్టం లోపలి వైశాల్యం, ΔT అంటే గోడ సగటు ఉష్ణోగ్రతకూ గాలి సగటు ఉష్ణోగ్రతకూ మధ్య తేడా. కుడివైపున్న ప్రతి కొలతలోనూ కొంత అనిశ్చితి ఉంటుంది. అదంతా లెక్కలోంచి నడిచి జవాబులోకి చేరుతుంది. ఎంత చేరుతుందన్నదే అసలు విషయం.

ఒక సందర్భం తీసుకుని చివరిదాకా చూద్దాం. గొట్టం లోపలి వ్యాసం 28 మిల్లీమీటర్లు, వేడిచేసే పొడవు 400 మిల్లీమీటర్లు. అంటే వైశాల్యం సుమారు 0.0352 చదరపు మీటర్లు. హీటర్‌కు 100 వోల్టులు, 0.55 ఆంపియర్లు ఇచ్చాం, అంటే 55 వాట్లు. గాలి 32 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 44 దగ్గర బయటికొచ్చింది. గోడ సగటు 82 డిగ్రీలు. గాలి సగటు 38 కాబట్టి తేడా 44 డిగ్రీలు. ఆరిఫిస్ మీటరుకు తగిలించిన నీటి మానోమీటర్‌లో తేడా 73 మిల్లీమీటర్లు. దాని ప్రకారం గాలి ప్రవాహం సెకనుకు 4 గ్రాములు.

ఇప్పుడు Qని రెండు దారుల్లో పట్టుకోవచ్చు. మొదటిది గాలి దారి. సెకనుకు 4 గ్రాముల గాలి 12 డిగ్రీలు వేడెక్కాలంటే 48.3 వాట్లు కావాలి. దీంతో గుణకం 31.2 వస్తుంది. రెండోది కరెంటు దారి. హీటర్‌కిచ్చిన 55 వాట్లూ గాలిలోకే వెళ్లాయనుకుంటే గుణకం 35.5. గొట్టం ఒకటే, పూట ఒకటే, జవాబులు రెండు. చాలా రికార్డుల్లో ఈ తేడాను ‘ఉష్ణ నష్టం వల్ల’ అన్న ఒక్క మాటతో దాటేస్తారు. ఆ మాట నిజమో కాదో తెలియాలంటే ముందు ఒక్కో దారిని ఎంత నమ్మొచ్చో లెక్క వేయాలి.

గాలి దారిలో నడుద్దాం. మానోమీటర్‌లో నీటిమట్టం కాస్త ఊగుతుంది కాబట్టి 73లో రెండు మిల్లీమీటర్లు అటూఇటూ, అంటే 2.7 శాతం. అయితే ప్రవాహం ఈ ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది కాబట్టి ప్రవాహంలోకి చేరేది అందులో సగమే, 1.4 శాతం. ఆరిఫిస్ గుణకాన్ని మరో రెండు శాతం మేర నమ్మలేం. రెండూ కలిపితే ప్రవాహంలో అనిశ్చితి 2.4 శాతం అవుతుంది.

కలపడం అంటే కూడటం కాదు. ఈ తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. అన్నీ ఒకేసారి ఒకే వైపుకు పూర్తిగా ఒరగడం అరుదు. అందుకే ఒక్కోదాని వర్గం తీసి, వర్గాలను కూడి, ఆ మొత్తానికి వర్గమూలం తీస్తారు. ప్రయోగశాల ఇంజనీర్లలో ఈ పద్ధతి వ్యాపించడానికి ముఖ్య కారణం 1953లో అమెరికన్లు క్లైన్, మెక్‌క్లింటాక్ రాసిన వ్యాసం. ఒకే ఒక్కసారి తీసుకునే రీడింగులకు అనిశ్చితి ఎలా చెప్పాలో అందులో వివరించారు. అసలు విలువ ఈ హద్దుల్లోనే ఉందని ఇరవైకి ఒకటి చొప్పున పందెం కాయగలిగేలా ఆ అంకె ఉండాలన్నది వాళ్ల ఆలోచన. ఈ వ్యాసంలోని హద్దులనూ ఆ అర్థంలోనే తీసుకోండి.

ఇక థర్మోకపుల్‌ల సంగతి. బజార్లో దొరికే మామూలు ‘కె’ రకం తీగకు ప్రమాణాలు అనుమతించే తేడా రెండు డిగ్రీలకు పైనే. మనది అంతకన్నా మంచిదని, ఒక్కోటి ఒక డిగ్రీ అటూఇటూ అనీ అనుకుందాం. 82 డిగ్రీలు చదివేచోట ఒక డిగ్రీ పెద్దగా అనిపించదు. కానీ మన లెక్కకు కావలసింది ఉష్ణోగ్రత కాదు, తేడా. గాలి వేడెక్కింది 12 డిగ్రీలే. ఆ తేడాలో రెండు థర్మోకపుల్‌ల అనిశ్చితీ చేరి 1.4 డిగ్రీలవుతుంది. పన్నెండులో 1.4 అంటే దాదాపు 12 శాతం. లారీని వేబ్రిడ్జి మీద డ్రైవరుతో ఒకసారి, డ్రైవరు లేకుండా ఒకసారి తూచి, తీసివేతతో డ్రైవరు బరువు చెప్పడం లాంటిదిది. కాటా లారీకి మంచిదే, డ్రైవరుకు పనికిరాదు.

గోడకూ గాలికీ మధ్య తేడా 44 డిగ్రీలు కాబట్టి అక్కడ 1.2 డిగ్రీల అనిశ్చితి 2.8 శాతమే. వైశాల్యంలో ఒక శాతం లోపే. అన్నిటినీ వర్గాల్లో కలిపితే 12.4 శాతం వస్తుంది. గాలి దారి జవాబు 31కి నాలుగు అటూఇటూ. వర్గాల మొత్తంలో పదింట తొమ్మిది వంతులు ఒక్క ‘పన్నెండు డిగ్రీల’ నుంచే వచ్చాయని గమనించండి. మానోమీటర్‌ను ఎంత ఖరీదైనదిగా మార్చినా జవాబు దాదాపు ఇంతే అనిశ్చితంగా ఉంటుంది. వర్గాలుగా కలపడంలోని గొప్ప ప్రయోజనం ఇదే. ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ వృథానో కాగితం మీదే తేలిపోతుంది.

కరెంటు దారి చూడటానికి చాలా శుభ్రంగా ఉంటుంది. వోల్టేజిలో ఒక శాతం, కరెంటులో 1.8 శాతం, ఉష్ణోగ్రత తేడాలో 2.8 శాతం. వైశాల్యాన్నీ చేర్చి కలిపితే 3.6 శాతం. అంటే 35.5కి 1.3 అటూఇటూ. ఈ అంకె చూసి కరెంటు దారే మేలనుకునేవాళ్లున్నారు. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అతి ప్రమాదకరమైన మాట అదే. 3.6 శాతం అన్నది మీటర్ల అనిశ్చితి మాత్రమే. హీటర్ వేడిలో కొంత ఇన్సులేషన్ దాటి గదిలోకి పోయిందన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు. సూత్రంలో లేని తప్పును సూత్రం ముందుకు మోయలేదు.

గోడ ఇంకా వేడెక్కుతూ ఉంటే అదీ ఇలాంటి తప్పే. గొట్టంలో కిలో రాగి ఉండి, గోడ నిమిషానికి అర డిగ్రీ చొప్పున పెరుగుతుంటే, మూడు వాట్లకు పైగా వేడి రాగిలోనే నిలిచిపోతుంది. మీటర్లు ఆ మాట చెప్పవు. పది నిమిషాల తేడాతో రెండుసార్లు గోడ రీడింగులు తీసుకుంటే తెలుస్తుంది. పీరియడ్ అయిపోతోందని తొందరపడి తీసిన రీడింగుల్లో ఎక్కువగా కనబడే లోపం ఇది.

మరి 55కీ 48.3కీ మధ్య ఉన్న 6.7 వాట్లు నిజంగా నష్టమేనా? కరెంటు వాట్లలో అనిశ్చితి 1.1, గాలి వాట్లలో 5.8. రెండూ కలిపితే తేడాలో అనిశ్చితి 5.9. అంటే 6.7 ఆ హద్దును ఇంచుమించు తాకుతూనే ఉంది. నష్టం ఉండవచ్చు, కానీ ఎంతో చెప్పే స్థితిలో లేం. ‘ఉష్ణ నష్టం వల్ల’ అని రాయడానికి ఈ రీడింగులు గట్టి సాక్ష్యం కావు.

దీన్ని బాగుచేసే పని చవకైనదే. గాలి థర్మోకపుల్‌లు రెంటినీ ఒక కట్టగా కట్టి, బాగా కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచండి. 30 నుంచి 50 డిగ్రీల మధ్య నాలుగైదు చోట్ల రెంటి మధ్య తేడా రాసుకోండి. తర్వాత అసలు రీడింగుల నుంచి ఆ తేడాను సరిచేయండి. నీటి అసలు ఉష్ణోగ్రత ఖచ్చితంగా తెలియకపోయినా నష్టం లేదు. మనకు కావలసింది తేడా కాబట్టి, రెంటికీ ఉమ్మడిగా ఉన్న తప్పు తీసివేతలో పోతుంది. ఇండికేటర్‌లో ఉండే తప్పు కూడా చాలావరకు ఉమ్మడిదే కాబట్టి అదీ పోతుంది. ఇలా చేస్తే 1.4 డిగ్రీల అనిశ్చితి 0.3కి దిగిందనుకోండి. 12 శాతం కాస్తా 2.5 శాతమవుతుంది. గాలి వాట్లలో అనిశ్చితి 5.8 నుంచి 1.7కి దిగుతుంది. సరిచేశాక కూడా తేడా 6.7 వాట్లే ఉంటే దాని అనిశ్చితి ఇక 2.0 మాత్రమే. ఇప్పుడు నష్టం ఉందని ధైర్యంగా చెప్పొచ్చు. గుణకం 31.2కి 1.4 అటూఇటూగా నిలుస్తుంది.

నష్టాన్ని విడిగా కూడా కొలవాలి. బ్లోయర్ ఆపి, గొట్టం రెండు చివరలనూ దూదితో బిగించి, డిమ్మర్‌స్టాట్ తగ్గించి గోడను అదే 82 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచండి. అప్పుడు హీటర్ తీసుకునే కొద్దిపాటి కరెంటే ఇన్సులేషన్ గుండా పోయే నష్టం. అది ఆరున్నర వాట్లు వస్తే, 55 నుంచి తీసేసిన కరెంటు దారి కూడా 31.3 అంటుంది. వేర్వేరు మీటర్ల మీద నడిచిన రెండు దారులు తమ హద్దుల్లో కలిశాయంటే ఆ జవాబును నమ్మొచ్చు. కలవకపోతే ఎవరూ లెక్కలోకి తీసుకోని తప్పు ఎక్కడో ఉందన్నమాట. గాలి బయటికొచ్చే చోట సరిగా కలవకుండానే ఉష్ణోగ్రత తీయడం ముందుగా అనుమానించాల్సిన చోటు.

ఈ అంకెలు ఈ గాలివేగానికే వర్తిస్తాయి. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే, అదే కరెంటుకు గాలి ఆరు డిగ్రీలే వేడెక్కుతుంది. సరిచేయని థర్మోకపుల్‌లతో ఆ ఒక్క పదమే 24 శాతానికి చేరుతుంది. అనిశ్చితి అంత పెద్దదైతే వర్గాల పద్ధతి కూడా ఉజ్జాయింపే. గాలి బదులు నీరు పంపితే చిక్కు మరోచోట వస్తుంది. గుణకం వేలల్లోకి వెళ్లి, గోడకూ నీటికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు దిగవచ్చు. అప్పుడు ఒక డిగ్రీ అనిశ్చితి ఉన్న థర్మోకపుల్‌తో గుణకం లెక్కగట్టడంలో అర్థం లేదు.

కాబట్టి రికార్డు దిద్దే అధ్యాపకులకు ఒక మనవి. 31.1902 అని రాసిన విద్యార్థికి మార్కు వేసే ముందు, ఆ పన్నెండు డిగ్రీల తేడాలో అనిశ్చితి ఎంతని అడగండి. రీడింగులు తీసే ముందే ఆ లెక్క చేయించండి. అలా చేస్తే థర్మోకపుల్‌లు నీళ్లలో ముంచి చూడాల్సిన అవసరం రీడింగుల కంటే ముందే బయటపడుతుంది.