బదిలీ పెట్టెలు ఎన్ని అమ్ముడవుతాయి?

పిల్లలూ, బదిలీలో పుస్తకాలు తడవకుండా ఉండే పెట్టెను 200 రూపాయలకు అమ్ముతామంటే, పెట్టుబడి పెట్టేవారు "ఎన్ని పోతాయి?" అంటారు.

పైనుంచి లెక్క, అంటే టాప్‌-డౌన్: కేంద్రీయ విద్యాలయాల్లో 13 లక్షలకు పైగా విద్యార్థులున్నారు. ఏటా పదిమందిలో ఒకరు బడి మారతారనుకుంటే 1.3 లక్షల పెట్టెలు, 2.6 కోట్ల రూపాయలు. ఆ 'పదిలో ఒకరు' మాత్రం మన ఊహే.

కిందినుంచి లెక్క, బాటమ్‌-అప్: నిరుడు మన బడి ఇచ్చిన టీసీలు లెక్కపెట్టండి, పన్నెండో తరగతి ముగించినవాళ్లవి తీసేయండి. 40 మిగిలాయనుకుందాం. పదిమందిలో ఇద్దరే ముందుగా డబ్బు కడితే బడికి 8 పెట్టెలు. ("కొంటాం" అన్న మాట లెక్కకు రాదు, మర్యాదకు అందరూ అంటారు.) సుమారు 1,250 బళ్లకు 10,000 పెట్టెలు, 20 లక్షలు.

పదమూడు రెట్ల తేడా! బడి మారేవాళ్లు ఊహకన్నా తక్కువ, వాళ్లలో కొనేవాళ్లు ఇంకా తక్కువ. తొలి ఏడు మీరు అయిదు బళ్లకే వెళ్లగలిగితే 40 పెట్టెలు, 8,000 రూపాయలు. రెండు లెక్కలూ చూపించి, తేడా ఎక్కడ వచ్చిందో మీరే ముందు చెప్పండి.