పేరు తెలియని ఉద్యోగాన్ని పని మాటతో పట్టుకోవడం

బీఫార్మసీ పూర్తయిన అమ్మాయి జాబ్ పోర్టల్ తెరవగానే సాధారణంగా కొట్టే మొదటి మాట ‘ఫార్మసిస్ట్’. మందుల షాపులు, ఆస్పత్రి ఫార్మసీలు వరసగా వస్తాయి. నచ్చకపోతే ‘క్వాలిటీ కంట్రోల్’ అనో ‘ప్రొడక్షన్’ అనో కొడుతుంది. జడ్చర్ల, పాశమైలారం, పరవాడ వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఉద్యోగాలు కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు మెడికల్ రెప్ ఉద్యోగం గురించి కూడా ఒక మాట అని ఉంటారు. చాలామందికి వెతుకులాట అక్కడితో అయిపోతుంది. అదే డిగ్రీని కోరే ఇంకో పని హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసుల్లో కూర్చుని చేసేది ఉంది. ఆ పని పేరు తెలియక దాన్ని వెతకనివాళ్లు ఎంతోమంది.

ఆ పనిని ఫార్మకోవిజిలెన్స్ అంటారు. బీఫార్మసీ చివరి సెమిస్టర్‌లో ఎంచుకునే పేపర్లలో ఇదీ ఒకటి, కాని పేపరుగా చదివినవాళ్లకి కూడా అది ఉద్యోగంగా తోచదు. చేసేది ఏమిటంటే, ఎక్కడో ఒక రోగి మాత్ర వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు వచ్చాయని డాక్టరు కంపెనీకి రాస్తాడు. ఆ ఉత్తరం ఉద్యోగి ముందు తెరపైకి వస్తుంది. రోగి ఎవరో గుర్తుపట్టే వివరం, సమాచారం ఇచ్చింది ఎవరు, అనుమానిస్తున్న మందు, జరిగిన హాని, ఈ నాలుగూ ఉన్నాయో లేదో ముందు చూడాలి. నాలుగూ ఉంటేనే అది లెక్కలోకి వచ్చే కేసు. అప్పుడు దాన్ని ఆర్గస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. డాక్టరు రాసిన లక్షణానికి మెడ్రా అనే అంతర్జాతీయ వైద్య పదకోశంలో సరైన పదం వెతికి పెట్టాలి. జరిగిందంతా వరస తప్పకుండా ఒకటి రెండు పేరాల్లో రాయాలి, దీన్నే నేరేటివ్ అంటారు. మార్కెట్లో ఉన్న మందు వల్ల తీవ్రమైన హాని జరిగితే చాలా దేశాల నిబంధనల ప్రకారం 15 రోజుల్లో ప్రభుత్వ సంస్థకి నివేదిక చేరాలి. అందుకే ఈ ఆఫీసుల్లో గడువు తేదీ మీద అంత పట్టు ఉంటుంది.

ఈ పనికి ప్రకటనల్లో ఒకే పేరు ఉండదు. ఒకచోట డ్రగ్ సేఫ్టీ అసోసియేట్, మరోచోట ఫార్మకోవిజిలెన్స్ ఎగ్జిక్యూటివ్, ఇంకోచోట సేఫ్టీ డేటా స్పెషలిస్ట్ లేదా కేస్ ప్రాసెసర్ అని ఉంటుంది. పనిని కాంట్రాక్టుకి తీసుకునే సేవల కంపెనీలు కొన్నిసార్లు ఉత్త ‘ప్రాసెస్ అసోసియేట్’ అని వదిలేస్తాయి. మందుల కంపెనీ తన విభాగం పేరు పెడుతుంది. సేవల కంపెనీ తన జీతాల పట్టికలో ఆ మెట్టుకి ఉన్న పేరు పెడుతుంది. ఉద్యోగం పేరులో కనిపించేది చాలావరకు కంపెనీ లోపలి అమరికే, పని కాదు. అసలు పని కింద బాధ్యతల వరసల్లో ఉంటుంది. పోర్టల్‌కి మీ చదువూ తెలియదు, మీ తెలివీ తెలియదు, మీరు కొట్టిన అక్షరాలు ఆ ప్రకటనలో ఉన్నాయా అన్నదే అది ప్రధానంగా చూస్తుంది. కాబట్టి వెతకాల్సిన మాటలు మన డిగ్రీ సర్టిఫికెట్‌లోంచి కాకుండా ప్రకటనల్లోంచే ఏరుకోవాలి.

తెలిసిన ఒక్క పేరుతో మొదలుపెట్టండి. ‘డ్రగ్ సేఫ్టీ అసోసియేట్’ అని కొట్టి, వచ్చిన ప్రకటనల్లో పదిహేను ఇరవై తెరవండి. దరఖాస్తు పెట్టడానికి కాదు, చదవడానికి. పై భాగం వదిలేసి బాధ్యతల దగ్గరికి వెళ్లండి. ఒక కాగితం మీద రెండు వరసలు గీసుకుని, ఎడమవైపు ఉద్యోగం పేర్లు, కుడివైపు పని మాటలు రాసుకోండి. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’, ‘టీమ్ ప్లేయర్’, ‘ఎక్సెల్’ లాంటివి రాయకండి. బ్యాంకు ఉద్యోగ ప్రకటనలో కూడా కనిపించే మాట మనకి దారి చూపదు. మెడ్రా, ఐసీఎస్ఆర్, నేరేటివ్, ఆర్గస్, లిటరేచర్ స్క్రీనింగ్ లాంటివి మిగుల్తాయి. ఐసీఎస్ఆర్ అంటే ఒక్కో రోగి గురించి తయారుచేసే భద్రతా నివేదిక. ఇలాంటి మాట ఇంకే రంగం ప్రకటనలోనూ దాదాపు పడదు.

ముందుగా ఎడమవైపు పేర్లన్నీ కలిపి ఒకే వెతుకులాటగా కొట్టండి. లింక్డ్‌ఇన్‌లో అయితే ఇలా:

```
"pharmacovigilance" OR "drug safety" OR "case processing" OR "ICSR"
```

OR పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. రెండు మాటల పదబంధానికి కోట్లు పెట్టకపోతే ‘సేఫ్టీ’ అన్న ఒక్క మాట పట్టుకుని ఫ్యాక్టరీల్లో అగ్నిప్రమాదాల నివారణ చూసే సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగాలు కూడా వచ్చిపడతాయి. అలాంటివి కనిపించాయంటే కోట్లు ఎక్కడో తప్పాయని అనుమానించాలి.

దీంతో తెలిసిన ఉద్యోగానికే ఉన్న మిగతా పేర్లు దొరుకుతాయి. తెలియని ఉద్యోగాలు దొరికేది తర్వాతి మెట్టులో. కుడివైపు వరసలోంచి ఒక పని మాట తీసుకుని, ఇప్పటికే తెలిసిన పేర్లన్నిటినీ తీసేయమని అడగాలి.

```
"MedDRA" NOT ("pharmacovigilance" OR "drug safety")
```

నా దృష్టిలో మొత్తం పద్ధతిలో ఎక్కువ విలువైనది ఈ ఒక్క వరసే. మెడ్రా వాడుతూ ఫార్మకోవిజిలెన్స్ అనే మాట లేని ప్రకటనలు ఎవరివి? క్లినికల్ ట్రయల్స్ నడిపేవాళ్లవి. ట్రయల్‌లో పాల్గొన్న రోగికి ఏం జరిగినా దాన్ని కూడా మెడ్రా పదాల్లోకే మార్చాలి, వాడిన మందుల పేర్లకి హూడ్రగ్ అనే మరో కోశం ఉంది. ఆ పని చేసేవాళ్ల పేర్లు క్లినికల్ డేటా కోఆర్డినేటర్, క్లినికల్ డేటా అసోసియేట్, క్లినికల్ కోడింగ్ స్పెషలిస్ట్ అని కనిపిస్తాయి. ఆ ప్రకటనలు తెరిస్తే కొత్త పని మాటలు దొరుకుతాయి. ఈడీసీ అంటే ట్రయల్ వివరాలు ఎక్కించే వ్యవస్థ. క్వెరీ మేనేజ్‌మెంట్ అంటే ఆస్పత్రి ఎక్కించిన వివరంలో తేడా కనిపిస్తే తిరిగి అడిగి సరిచేయించడం. వీటిని కుడివైపు వరసలో చేర్చి మళ్లీ అదే పని చేయండి. అలాగే ఒక ప్రకటనలో ఈసీటీడీ అనే మాట తగిలిందనుకోండి. అది కొత్త మందుకి అనుమతి కోరుతూ ప్రభుత్వ సంస్థలకి పంపే ఎలక్ట్రానిక్ దస్త్రం తీరు. దాన్ని పట్టుకుని వెళ్తే రెగ్యులేటరీ అఫైర్స్, రెగ్యులేటరీ ఆపరేషన్స్, సబ్మిషన్ పబ్లిషింగ్ అనే ఉద్యోగాలు బయటపడతాయి. మొదట్లో ‘ఫార్మసిస్ట్’ కొట్టిన అమ్మాయికి వీటిలో ఒక్కటీ తట్టి ఉండదు.

దారి తప్పే చోటు కూడా ఇక్కడే ఉంది. ‘మెడికల్ కోడింగ్’ అనే మాట హైదరాబాద్‌లో రెండు వేరు ప్రపంచాలది. అమీర్‌పేట బోర్డుల మీద కనిపించేది అమెరికా ఆస్పత్రుల బిల్లులకి రోగం, చికిత్సల కోడ్‌లు పెట్టే పని. దాని ప్రకటనల్లో ఐసీడీ-10, సీపీటీ అనే మాటలు ఉంటాయి. ట్రయల్స్‌లో కోడింగ్ అంటే మెడ్రా, హూడ్రగ్. రెండింటిలో జీతాల లెక్క వేరు, పై మెట్లు వేరు, అడిగే సర్టిఫికెట్లు వేరు. పేరు చూసి కాదు, పక్కనున్న మాటలు చూసి తేల్చుకోవాలి. ‘పేషెంట్ సేఫ్టీ’ కూడా ఇలాంటిదే. మందుల కంపెనీలో అది ఫార్మకోవిజిలెన్స్ విభాగం పేరు కావచ్చు, ఆస్పత్రిలో అయితే నర్సింగ్, నాణ్యత విభాగాల పని. అనుమానం వస్తే ప్రకటనలో మన కుడివైపు వరస మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు మూడు కూడా లేకపోతే అది వేరే ఉద్యోగమే.

స్థాయిని తెలిపే మాటలు ఇంకో చిక్కు. మన దగ్గర ‘ఎగ్జిక్యూటివ్’ అంటే చాలాచోట్ల కొత్తగా చేరినవాళ్లే, అమెరికా ప్రకటనల్లో అదే మాట పెద్ద హోదా. ‘అసోసియేట్’ ఒక కంపెనీలో మొదటి మెట్టు, మరో కంపెనీలో రెండోది. అందుకని వెతికేటప్పుడు ఈ మాటలు పెట్టకుండా, ఫలితాలు వచ్చాక అనుభవం ఎన్నేళ్లో చూసి వడకట్టడం మంచిది.

ప్రకటనలు తక్కువగా దొరికే రంగమైతే వర్గీకరణ పట్టికలు ఉపయోగపడతాయి. అమెరికా కార్మిక శాఖ ఉచితంగా పెట్టిన ఓనెట్ సైట్, onetonline.org, ఒక వృత్తి పేజీ తెరిస్తే ఉద్యోగులు తమ పని గురించి చెప్పిన రకరకాల పేర్లు చూపిస్తుంది. రెగ్యులేటరీ అఫైర్స్ స్పెషలిస్ట్, క్లినికల్ డేటా మేనేజర్ రెండింటికీ అందులో విడివిడి పేజీలున్నాయి. ఐరోపా యూనియన్ ఎస్కో అనే పట్టిక కూడా ఒక్కో వృత్తికి వేరే పేర్లు, కావాల్సిన నైపుణ్యాలు ఇస్తుంది. ఇవి అక్కడి పేర్లు. ఇక్కడి పోర్టల్‌లో కొట్టి, ప్రకటనలు వస్తేనే కాగితం మీద ఉంచండి. వాటికంటే దగ్గరి ఆధారం మీ కాలేజీ సీనియర్లే. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీకి వెళ్లి పూర్వ విద్యార్థుల భాగం తెరిస్తే ఎవరు ఏ కంపెనీలో ఏ పనిలో ఉన్నారో కనిపిస్తుంది. అక్కడ మెడ్రా అని కొట్టి చూడండి.

NOT అన్ని పోర్టళ్లలో పనిచేయదు. తీసేయమన్న మాట ఉన్న ప్రకటనలే మళ్లీ వస్తుంటే, లేదా ఫలితాల సంఖ్య తగ్గకపోతే, ఆ పోర్టల్ దాన్ని పట్టించుకోవట్లేదని అర్థం. అలాంటిచోట కామాలతో పని మాటలు రెండు మూడు కలిపి కొట్టి, తెలిసిన పేర్లున్న వరసల్ని కంటితోనే దాటేయాలి. కాస్త ఓపిక పడుతుంది, కాని ఫలితం అదే.

ప్రైవేటు పోర్టళ్లలో కనిపించనివి కూడా ఉంటాయి. మన దేశంలో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, 2011 నుంచి దాని సమన్వయ కేంద్రం ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. మెడికల్ కాలేజీల్లో దాని కేంద్రాలు ఉంటాయి, వాటిలో ఫార్మకోవిజిలెన్స్ అసోసియేట్ అనే పోస్టులు ఉంటాయి. వీటి ప్రకటన కమిషన్ వెబ్‌సైట్‌లోనో కాలేజీ నోటీసులోనో పడుతుంది. కాగితం మీద ఆ పేరు ఉన్నవాళ్లకే ఆ నోటీసు తమకోసం అని తెలుస్తుంది.

కుడివైపు మాటల్లో మీరు నిజంగా చేసినవి ఏవో గుర్తించి రెజ్యూమెలో అదే రూపంలో రాయండి. కాలేజీ ప్రాజెక్టులో ఆస్పత్రికి వెళ్లి మందుల దుష్ప్రభావాల ఫారాలు నింపి ఉంటే, దాన్ని ‘ప్రాజెక్ట్ వర్క్’ అని వదిలేయకుండా ‘ఏడీఆర్ రిపోర్టింగ్’ అని రాయాలి. రిక్రూటర్ కూడా తన పెట్టెలో ఆ మాటే కొడతాడు. చేయనిది రాస్తే మొదటి ఇంటర్వ్యూలోనే దొరికిపోతారు, కేసుకి ఉండాల్సిన నాలుగు వివరాలేమిటని అడగడం అక్కడ చాలా మామూలు. రాని మాటలు మిగిలితే అవే మీరు నేర్చుకోవాల్సినవి. ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు, ఆ కోర్సు పేరులోని మాట ఎన్ని ప్రకటనల్లో కనిపిస్తోందో మీ కాగితంతో పోల్చి చూడండి.